క్యూసెక్కుల నుంచి టీఎంసీల దాకా

2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఆ బ్యారేజీ ఎగువన పట్టే నీరు మాత్రం మూడు టీఎంసీలకు కాస్త ఎక్కువ, అంతే. ఈ రెండు అంకెల్లో ఏది పెద్దదని అడిగితే జవాబు లేదు, ఎందుకంటే అవి ఒకే జాతివి కావు. మొదటిది నీరు వచ్చే జోరు, రెండోది నిలిచే నీరు. కానీ వాటి మధ్యన కాలాన్ని పెడితే లెక్క కుదురుతుంది. ఆ జోరుకు ఖాళీ బ్యారేజీ నిండటానికి ముప్పావు గంట చాలు. అందుకే అలాంటి రోజున బ్యారేజీ వరదను ఆపలేదు. వచ్చింది వచ్చినట్టు కిందికి వదలాల్సిందే.

ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. ‘సెకనుకు’ అన్న మాట అందులోనే ఉంది కాబట్టి ‘రోజుకు పదివేల క్యూసెక్కులు’ అని పేపర్లో కనిపిస్తే ఆ వాక్యానికి అర్థం లేనట్టే. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. రోజుకు 86,400 సెకన్లు. కాబట్టి లక్ష క్యూసెక్కుల ప్రవాహం రోజంతా ఒకే తీరుగా సాగితే 864 కోట్ల ఘనపుటడుగులు, అంటే 8.64 టీఎంసీలు చేరతాయి. క్యూసెక్కులను సెకన్లతో గుణించగానే ‘సెకనుకు’ అన్నది కొట్టుకుపోయి ఘనపుటడుగులు మిగిలాయి.

చిక్కల్లా ఏమిటంటే, వరద రోజంతా ఒకే తీరుగా రాదు. ఇంటర్ రెండో సంవత్సరం పుస్తకంలో నిశ్చిత సమాకలని అన్న పేరుతో ఉండేది సరిగ్గా ఈ చిక్కుకు మందు. రోజును చిన్న చిన్న ముక్కలు చేస్తాం. ఒక్కో ముక్కలో జోరు పెద్దగా మారదు కాబట్టి జోరును ఆ ముక్క కాలంతో గుణించి, అన్నీ కలుపుతాం. ముక్కలు సన్నబడే కొద్దీ ఆ మొత్తం ఏ విలువ దగ్గరకు చేరుతుందో అదే సమాకలని. దాన్ని గీత కింది వైశాల్యం అంటారు. ఆ మాట విని చదరపుటడుగులు అనుకోకూడదు. బొమ్మలో నిలువు కొలత క్యూసెక్కులు, అడ్డం కొలత సెకన్లు, కాబట్టి ఈ ‘వైశాల్యం’ ఘనపుటడుగుల్లో వస్తుంది.

లెక్క కోసం ఒక పెద్ద జలాశయాన్ని ఊహించుకుందాం. ఉదయం 6 గంటలకు అందులో 180 టీఎంసీలు ఉన్నాయి. ఇన్‌ఫ్లో అప్పుడు లక్ష క్యూసెక్కులు, మధ్యాహ్నం 12కు 2 లక్షలు, సాయంత్రం 6కు 3.2 లక్షలు, అర్ధరాత్రికి 2.6 లక్షలు, మర్నాడు ఉదయం 6కు 1.8 లక్షలు. రీడింగుకూ రీడింగుకూ మధ్య జోరు తిన్నగా మారిందనుకుంటే, ఆ ఆరు గంటలకు రెండు చివరల సగటు తీసుకోవచ్చు. నాలుగు ముక్కలకు వరసగా 1.5, 2.6, 2.9, 2.2 లక్షలు వస్తాయి. కలిపితే 9.2 లక్షలు. ఆరు గంటలంటే 21,600 సెకన్లు. గుణిస్తే 1,987 కోట్ల ఘనపుటడుగులు, అంటే దాదాపు 19.9 టీఎంసీలు.

ఇదే రోజును తొందరపడి లెక్కేస్తే ఏమవుతుందో చూడండి. ‘వరద 3.2 లక్షలు’ అన్న సాయంత్రం వార్తను రోజంతటికీ అంటగడితే 27.6 టీఎంసీలు తేలతాయి. మొదటి, చివరి రీడింగుల సగటుతో సరిపెడితే 12.1 మాత్రమే. మొదటి లెక్కలో శిఖరమే రోజంతా ఉంది, రెండో దాంట్లో శిఖరమే లేదు. ఇక 21,600 బదులు పొరపాటున 6 పెట్టి గుణించినవాళ్లకు 55.2 లక్షలని వస్తుంది. అది ఘనపుటడుగులు కాదు, ‘క్యూసెక్కు-గంటలు’. పక్కన ప్రమాణం రాసే అలవాటుంటే 3,600తో గుణించడం మిగిలి ఉందని అక్కడే తెలిసిపోతుంది.

ఇప్పుడు అవుట్‌ఫ్లో సంగతి. సాయంత్రం 6 దాకా 60 వేల క్యూసెక్కులు కిందికి పోయాయి, అప్పుడు గేట్లెత్తి మర్నాడు ఉదయం దాకా 3 లక్షలు వదిలారనుకోండి. మొదటి పన్నెండు గంటల్లో 2.59, తర్వాతి పన్నెండు గంటల్లో 12.96, మొత్తం 15.55 టీఎంసీలు పోయాయి. వచ్చిన దాంట్లోంచి పోయింది తీసేస్తే 4.32 టీఎంసీల పెరుగుదల. ఒక్క వరుసలో రాస్తే:

∫ (I − O) dt = 19.87 − 15.55 = 4.32

ఇక్కడ I ఇన్‌ఫ్లో, O అవుట్‌ఫ్లో. 4.32 అన్నది జలాశయంలో ఉన్న నీరు కాదు, ఒక్క రోజులో వచ్చిన మార్పు. నిల్వ ఎంతో చెప్పాలంటే మొదట ఉన్న 180ని కలపాలి, అప్పుడు 184.32 అవుతుంది. ఆ మొదటి అంకె తెలియకపోతే క్యూసెక్కుల పట్టిక ఎంత వివరంగా ఉన్నా నిల్వ చెప్పలేం.

ఆ రోజు నీటిమట్టం అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నదెప్పుడు? ఇన్‌ఫ్లో శిఖరానికి చేరిన సాయంత్రం 6కే అని చాలామంది అంటారు. కాదు. 6 గంటలకు ఇన్‌ఫ్లో 3.2, అవుట్‌ఫ్లో 3, కాబట్టి నీరు ఇంకా పెరుగుతూనే ఉంది. ఇన్‌ఫ్లో గంటకు పదివేల చొప్పున తగ్గుతూ రాత్రి 8కి 3 లక్షలకు దిగింది. పెరుగుదల ఆగింది అప్పుడే, ఆ క్షణాన నిల్వ 186.34. ఆ తర్వాత తేడా రుణాత్మకమైంది, తెల్లారేసరికి రెండు టీఎంసీలు దిగిపోయింది. రోజు మొత్తం మీద 4.32 పెరిగిందన్న ఒక్క అంకెలో ఈ ఎక్కడం దిగడం రెండూ కలిసిపోయాయి.

నిజానికి పెద్ద జలాశయాల దగ్గర లెక్క తరచు వెనక్కి నడుస్తుంది. విశాలంగా పరుచుకున్న నీటిలోకి నది, వాగులు ఎన్నో చోట్ల చేరుతుంటే ఇన్‌ఫ్లోను నేరుగా కొలవడం కష్టం. అందుకని నీటిమట్టం చూసి, పట్టికలోంచి నిల్వ తీసి, గంటలో నిల్వ ఎంత మారిందో దాన్ని 3,600తో భాగించి, వదిలిన నీటిని కలిపి ఇన్‌ఫ్లో రాబడతారు. పట్టిక పాతబడితే ఈ లెక్క తప్పుతుంది. శ్రీశైలంలో 885 అడుగుల మట్టానికి మొదట 308 టీఎంసీలు పట్టేవి. పూడిక చేరి ఇప్పుడు సుమారు 215కు పడిపోయింది. పాత పట్టికతో చూస్తే అడుగు పెరిగినప్పుడల్లా రాని నీరు కూడా వచ్చినట్టు కనబడుతుంది.

గాలి వల్ల వచ్చే తప్పు ఇంకా చిత్రమైనది. శ్రీశైలం నిండుగా ఉన్నప్పుడు నీరు దాదాపు 600 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది. అంత విస్తీర్ణంలో ఒక్క అంగుళం మందాన నీరంటే అర టీఎంసీ పైమాటే. గాలికి నీరు ఒక పక్కకు నెట్టుకుపోయి స్కేలు దగ్గర అంగుళం ఎక్కువ చూపించిందనుకోండి, గంట రీడింగులో దాదాపు లక్షన్నర క్యూసెక్కుల లేని వరద పుట్టుకొస్తుంది. తర్వాతి గంటలో గాలి తగ్గితే అంతే మేర ఇన్‌ఫ్లో మాయమై, ఒక్కోసారి సున్నా కన్నా కిందికి పోతుంది. నదిలోకి నీరు వెనక్కి పోయినట్టు రుణ ఇన్‌ఫ్లో కనిపిస్తే స్కేలునే అనుమానించాలి. అదే అంగుళం తప్పును రోజు మొత్తానికి పంచితే ఇన్‌ఫ్లోలో తేడా ఆరువేల క్యూసెక్కులకు కాస్త ఎక్కువ, అంతే. లక్షల్లో వరద ఉన్న రోజున అది పెద్ద లెక్కలోకి రాదు. కాబట్టి గంట గంటకూ ఎగిరిపడే ఇన్‌ఫ్లో అంకెల కన్నా 24 గంటల సగటును నమ్మడం మేలు.