విరమణానంతర ఆదాయ లోటు: ఒక చిన్న పట్టికతో అంచనా

ఉద్యోగ విరమణ తరువాత ఒక కుటుంబానికి ఏటా అయ్యే వ్యయం నుండి, జీవితాంతం నిశ్చయంగా అందే పింఛనును తీసివేయగా మిగిలేది విరమణానంతర ఆదాయ లోటు. దీనిని అప్పటివరకు కూడబెట్టిన మూలనిధి భర్తీ చేయాలి. ఆ నిధి భర్తీ చేయలేని భాగం నిధి కొరత. మొదటిది ఏటేటా మారుతూ ఉండే రాశి కాగా, రెండవది విరమణ దినాన ఒకే అంకెగా లెక్కగట్టదగిన మొత్తం. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్లనే చాలామంది అంచనాలు మొదటి మెట్టులోనే దారి తప్పుతాయి.

ఈ గణనలో పాల్గొనే మూడు రాశులు ద్రవ్యోల్బణానికి మూడు విధాలుగా స్పందిస్తాయి. వ్యయం ధరలతో పాటు చక్రవృద్ధిగా పెరుగుతుంది. మూలనిధి వడ్డీతో పెరుగుతూ, వాడకంతో తరుగుతుంది. పింఛను మాత్రం దాని స్వభావాన్ని బట్టి ప్రవర్తిస్తుంది: పాత పద్ధతిలో పింఛను పొందే ప్రభుత్వ విశ్రాంత ఉద్యోగులకు కరువు భత్యం తోడై ధరలను కొంతవరకు అనుసరిస్తుంది, ప్రైవేటు రంగంలోని 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం కింద లభించే పింఛనుకు అటువంటి భత్యం లేదు, విరమణ నాడు నిర్ణయమైన మొత్తమే చివరివరకూ అందుతుంది. ఈ రెండవ వర్గం విషయంలో లోటు ఏ ఒక్క నాటి అంకెలతోనూ తెలియదు కనుక, సంవత్సరం వారీ పట్టిక తప్పనిసరి అవుతుంది.

హనుమకొండలో సొంత ఇల్లు గల ఒక ప్రైవేటు సంస్థ ఉద్యోగిని ఉదాహరణగా ఊహిద్దాం. 2026లో ఆయన వయస్సు 50. 2004 సెప్టెంబరులో పథకంలో చేరి, 58వ ఏట 2034లో విరమిస్తారు. అధిక పింఛను ఐచ్ఛికాన్ని ఆయన ఎంచుకోలేదు. పథకం సూత్రం ప్రకారం పింఛను లెక్కకు తీసుకునే వేతనాన్ని సేవా సంవత్సరాలతో గుణించి 70తో భాగించాలి. ఆ వేతనానికి గరిష్ఠ పరిమితి 2014 ఆగస్టు వరకు 6,500 రూపాయలు, 2014 సెప్టెంబరు నుండి 15,000 రూపాయలు. కావున మొదటి పదేళ్ల సేవకు సుమారు 929 రూపాయలు, తరువాతి ఇరవై ఏళ్లకు సుమారు 4,286 రూపాయలు లభిస్తాయి. ఇరవై ఏళ్లు దాటిన సేవకు అదనంగా కలిపే రెండేళ్లను కూడా చేర్చితే మొత్తం 5,500 దాటుతుంది. జాగ్రత్త కోసం నెలకు 5,500 రూపాయలుగానే తీసుకుందాం. ఆయన చివరి జీతం యాభై వేలైనా, లక్ష అయినా ఈ అంకె మారదు. వేతన పరిమితిని ప్రభుత్వం సవరిస్తే మాత్రం పట్టికలో ఒక్క గడిని దిద్దుకుంటే సరిపోతుంది.

వ్యయాన్ని నేటి ధరల్లోనే రాసుకోవాలి. పిల్లల చదువు, ఇంటి రుణపు కిస్తీ, ఆఫీసు ప్రయాణం తొలగిపోతాయి. ఆరోగ్య బీమా ప్రీమియం, మందులు, ఇంటి మరమ్మతులు వచ్చి చేరుతాయి. ఇవన్నీ కలిపి దంపతులకు నేటి ధరల్లో నెలకు 20,000 రూపాయలు అనుకుందాం. ద్రవ్యోల్బణాన్ని 6 శాతంగా తీసుకోవడానికి కారణముంది: రిజర్వు బ్యాంకు లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు, వృద్ధుల వ్యయంలో వైద్యానికి పెద్ద భాగం పోతుంది కనుక ఆ పరిధిలోని పై అంచును ఎంచుకోవడం వివేకం. భవిష్యనిధితో సహా నేటి పొదుపు 25 లక్షలు, ఏటా చేర్చేది 1.5 లక్షలు. 2023–24కు భవిష్యనిధిపై ప్రకటించిన వడ్డీ 8.25 శాతం కాబట్టి, విరమణ వరకు 8 శాతం, ఆ తరువాత సురక్షిత డిపాజిట్లపై 7 శాతం రాబడిని ఊహిద్దాం.

స్ప్రెడ్‌షీట్‌లో B1 నుండి B10 వరకు ఈ పది విలువలను వరుసగా ఉంచాలి: నేటి వయస్సు, విరమణ వయస్సు, లెక్క ముగిసే వయస్సు (ఇక్కడ 85), నెల వ్యయం, ద్రవ్యోల్బణం, నెల పింఛను, నేటి పొదుపు, ఏటా చేర్చే మొత్తం, విరమణకు ముందు రాబడి, తరువాతి రాబడి. B11లో విరమణ నాటి మూలనిధి వస్తుంది. పద్నాలుగవ అడ్డు వరుస నుండి ఒక్కొక్క వరుస ఒక్కొక్క సంవత్సరం. నిలువు వరుసల్లో క్రమంగా వయస్సు, వ్యయం, పింఛను, లోటు, తొలి నిల్వ, తుది నిల్వ ఉంటాయి.

```
B11: =B7*(1+B9)^(B2-B1)+FV(B9,B2-B1,-B8)
A14: =B2
B14: =12*$B$4*(1+$B$5)^(A14-$B$1)
C14: =12*$B$6
D14: =B14-C14
E14: =B11
F14: =(E14-D14)*(1+$B$10)
A15: =A14+1
E15: =F14
```

B, C, D, F గడులను పదిహేనవ వరుసకు నకలు చేసి, ఆ వరుసను మొత్తంగా 41వ వరుస వరకు కిందికి లాగితే 85 ఏళ్ల వయస్సు దాకా పట్టిక పూర్తవుతుంది. వ్యయపు సూత్రంలో ద్రవ్యోల్బణం నేటి వయస్సు నుండి లెక్కకు వస్తుందని, విరమణ వయస్సు నుండి కాదని గమనించాలి. పింఛను సూత్రంలో ద్రవ్యోల్బణం అసలే లేదు.

ఇప్పుడు ఫలితం చూద్దాం. విరమణ నాటి మూలనిధి సుమారు 62.2 లక్షలు. నేటి 20,000 రూపాయల నెల వ్యయం అప్పటికి సుమారు 31,900 అవుతుంది. 62.2 లక్షలపై 7 శాతం చొప్పున నెలకు దాదాపు 36,300 రూపాయల వడ్డీ వస్తుంది. పింఛనుతో కలిపి 41,800. వ్యయం కంటే ఆదాయం పదివేలు ఎక్కువ! ఆ ఒక్క సంవత్సరాన్నే చూసినవారు లోటే లేదని నిశ్చింతగా ఉంటారు. పట్టిక తొలి వరుసలు కూడా అదే చెబుతాయి: అసలుతో పాటు మిగిలిన వడ్డీ చేరి, 62 ఏళ్ల వయస్సు ముగిసేనాటికి నిల్వ 65 లక్షలకు పెరుగుతుంది.

అక్కడి నుండి దిశ మారుతుంది. 70వ ఏట వార్షిక వ్యయం 7.7 లక్షలకు చేరగా, పింఛను 66,000 రూపాయల దగ్గరే నిలిచి ఉంటుంది. ఆ ఏడాది తొలి నిల్వ 54.6 లక్షలు. 75వ ఏట తొలి నిల్వ 27.6 లక్షలు, 76వ ఏట 19.2 లక్షలు. 77వ ఏట తొలి నిల్వ 9.6 లక్షలు ఉండగా ఆ సంవత్సరపు లోటు 10.9 లక్షలు. నిధి ఆ ఏడాదిలోనే నిండుకుంటుంది. తరువాతి ఎనిమిదేళ్లు నెలకు 5,500 రూపాయలతో గడవవలసి వస్తుంది. 85వ ఏట ఆ మొత్తపు కొనుగోలు శక్తి నేటి సుమారు 716 రూపాయలకు సమానం. తొలి ఐదేళ్లలో నిధి పెరగడం వల్ల ఖర్చుకు జంకు పోతుందని, ప్రమాదం కంటికి కనిపించే నాటికి మళ్లీ సంపాదించే వయస్సు మించిపోతుందని ఈ పట్టిక స్పష్టంగా చూపుతుంది. నా దృష్టిలో దాని ముఖ్య ప్రయోజనం ఇదే.

నిధి కొరతను ఒకే అంకెగా తెలుసుకోవడానికి లోటులన్నింటినీ విరమణ దినపు విలువకు తగ్గించి కూడాలి:

```
=D14+NPV($B$10,D15:D41)-B11
```

దీని విలువ సుమారు 23.8 లక్షలు. ఇక్కడ ఒక పొరపాటుకు అవకాశముంది. పట్టిక అడుగున F41లో కనిపించే రుణాత్మక సంఖ్య దాదాపు 1.58 కోట్లు. చాలామంది దానినే కొరతగా భావించి బెదిరిపోతారు. అది 28 ఏళ్ల వడ్డీతో ఉబ్బిన అదే 23.8 లక్షలు, కాబట్టి నిర్ణయాలకు ఆధారం కాదు.

మరింత తరచుగా జరిగే దోషం వేరొకటి. కొందరు వ్యయాన్ని నేటి ధరల్లోనే స్థిరంగా ఉంచి, నిధికి మాత్రం పూర్తి 7 శాతం రాబడిని ఇస్తారు. 7 శాతం నామమాత్రపు రాబడి. 6 శాతం ద్రవ్యోల్బణాన్ని మినహాయిస్తే వాస్తవ రాబడి ఒక శాతం కూడా ఉండదు. వ్యయం నేటి ధరల్లో ఉంటే రాబడి కూడా వాస్తవ రాబడే కావాలి, పింఛనును ఏటా తగ్గించుకుంటూ రావాలి. సూత్రాలు సరిగా కుదిరాయో లేదో పరీక్షించడానికి ద్రవ్యోల్బణం, రెండు రాబడుల గడుల్లో సున్నా పెట్టి చూడాలి. అప్పుడు ఏటి లోటు 1.74 లక్షలు, 28 ఏళ్లకు 48.72 లక్షలు, నిధి 37 లక్షలు, కొరత 11.72 లక్షలు రావాలి. కాగితం మీద చేయగల ఈ లెక్కతో పట్టిక ఏకీభవించకపోతే ఎక్కడో ఒక గడి జారిందని అర్థం. సాధారణంగా డాలరు గుర్తు మరచిన చోటే అది కనబడుతుంది.

ఈ అంచనాకు ఉన్న పరిమితిని కూడా తెలుసుకోవాలి. మిగిలినవన్నీ అలాగే ఉంచి ద్రవ్యోల్బణాన్ని 5 శాతం చేస్తే కొరత 7 లక్షలకు పడిపోతుంది. 7 శాతం చేస్తే దాదాపు 44.7 లక్షలకు చేరుతుంది. ఒక్క శాతం తేడా ఫలితాన్ని ఇంతగా మార్చుతుంది కనుక 23.8 లక్షలను ఒక పరిధికి నడుమనున్న అంకెగా గ్రహించాలి. అదే విధంగా, భార్య వయస్సు తక్కువైతే లెక్క ముగింపును ఆమె ఆయుర్దాయాన్ని బట్టి పెంచాలి. భర్త మరణానంతరం ఆమెకు అందేది పింఛనులో సగమేనన్న సంగతి మరువరాదు.

కొరతను పూడ్చే మార్గాలను కూడా ఈ పట్టికతోనే పోల్చవచ్చు. 58వ ఏటికల్లా 23.8 లక్షలు అదనంగా సమకూరాలంటే, ఇప్పటి పొదుపుకు తోడు ఏటా 2.24 లక్షలు, అంటే నెలకు సుమారు 18,700 రూపాయలు చేర్చాలి. 20,000తో జీవించదలచిన కుటుంబానికి ఇది పెద్ద భారం. అలా కాక, సంస్థ అనుమతించి ఆయన 60వ ఏట వరకు పనిచేస్తే, పింఛనును వాయిదా వేసినందుకు ఏడాదికి 4 శాతం చొప్పున పెరిగి అది సుమారు 5,950 అవుతుంది. పొదుపు రెండేళ్లు అదనంగా పెరుగుతుంది. వాడుకునే సంవత్సరాలు రెండు తగ్గుతాయి. అప్పుడు కొరత 14.9 లక్షలకు దిగుతుంది, పదేళ్లలో దానిని పూడ్చడానికి నెలకు అదనంగా 8,600 రూపాయలు సరిపోతాయి. ఈ కుటుంబానికి సంబంధించినంతవరకు, అధిక రాబడి కోసం అసలును ప్రమాదంలో పెట్టడం కంటే ఆ రెండేళ్ల ఉద్యోగమే మొదట పరిశీలించదగిన మార్గం.