జ్వరం మూడు రోజులు, మందు పద్నాలుగు రోజులు
మలేరియా ఇంటికి వెళ్లే ఆశా కార్యకర్త ఏమేం చూడాలి?

వానలు మొదలయ్యాక పాడేరు, చింతపల్లి వంటి మన్యం ప్రాంతాల్లో చలిజ్వరం వచ్చిన ఇంటికి చాలాసార్లు ముందుగా చేరేది ఆశా కార్యకర్తే. ఆమెకు అక్కడ మూడు పనులుంటాయి. రక్తం పరీక్షించాలి, ఆఖరి మాత్ర దాకా మింగించాలి, జరిగినదంతా రిజిస్టరులో రాయాలి. వీటిలో మధ్యలో ఆగిపోయే ప్రమాదం రెండోదానికే ఎక్కువ. అదెలాగో ఒక ఇంటిని ఊహించుకుని చూద్దాం. ముప్పై ఏళ్ల రైతు, గర్భిణి అయిన భార్య, మూడేళ్ల పాప. రైతుకు రెండు రోజులుగా చలి, జ్వరం.

ముందు చూడాల్సింది

కిట్ తీయకముందే మనిషిని చూడాలి. మగతగా ఉన్నాడా, ఫిట్స్ వచ్చాయా, ఏం తాగినా కక్కేస్తున్నాడా, ఆయాసం ఉందా, కళ్లు పచ్చబడ్డాయా, మూత్రం నల్లగా వస్తోందా? వీటిలో ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పంపాల్సిందే. మలేరియా జ్వరం వస్తూ పోతూ ఉంటుంది. అందుకే వెళ్లిన సమయానికి ఒళ్లు చల్లగా ఉన్నా పరీక్ష మానకూడదు. నిన్న పాపకు ఒళ్లు కాలిందని తల్లి చెబితే పాపకూ చేయాలి.

పరీక్ష

కిట్ గడువు తేదీ చూసి, వేలు గుచ్చి, గొట్టంతో చుక్క రక్తం తీసి ఒక గడిలో వేయాలి. ద్రావణం చుక్కలు రెండో గడిలో పడాలి. ఆ తర్వాత కిట్ మీద రాసినంతసేపు గడియారం చూసుకుంటూ ఆగాలి. సాధారణంగా అది పదిహేను, ఇరవై నిమిషాలు. తొందరపడితే సన్నటి గీత కంటపడదు. గంట తర్వాత చూస్తే లేని గీత కనిపించవచ్చు. కంట్రోల్ గీత రాకపోతే ఆ కిట్ పారేసి కొత్తది వాడాలి. నెగెటివ్ వచ్చినా జ్వరం పోకపోతే మళ్లీ పరీక్షించాలి, పీహెచ్‌సీకి పంపాలి. మందు వాడాక కూడా కొన్ని కిట్లు వారాల తరబడి పాజిటివ్ చూపుతాయి. కాబట్టి జబ్బు నయమైందో లేదో తేల్చడానికి రక్తపూత స్లైడే ఆధారం.

మందు

రైతుకు వైవాక్స్ మలేరియా అని తేలిందనుకుందాం. పెద్దవాళ్లకు క్లోరోక్విన్ మొదటి రోజు నాలుగు మాత్రలు, రెండో రోజు నాలుగు, మూడో రోజు రెండు. దాంతో జ్వరం దిగుతుంది, అతను పొలానికి వెళ్లిపోతాడు. కానీ వైవాక్స్ పరాన్నజీవి కాలేయంలో నిద్రాణంగా దాగి ఉంటుంది. క్లోరోక్విన్ దాన్ని తాకలేదు. దాన్ని చంపేది ప్రైమాక్విన్, రోజుకు 15 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు. జ్వరం తగ్గిందని దాన్ని ఆపేస్తే వారాల తర్వాతో, నెలల తర్వాతో అదే జ్వరం తిరగబెడుతుంది. ఈలోగా దోమలు ఆ రక్తం తాగి మరో ఇంటికి మోస్తాయి.

మొదటి మోతాదు ఆశా కార్యకర్త ఎదుటే, ఏదైనా తిన్నాక వేయించాలి. కనీసం పావుగంట కూర్చోవాలి. కక్కేస్తే కాసేపు ఆగి మళ్లీ ఇవ్వాలి, రెండోసారీ కక్కితే ఆసుపత్రికి పంపాలి. మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు ఇంటికి వెళ్లాలి. “వేసుకున్నావా అన్నా?” అని అడిగితే అవుననే అంటారు. “ఆ అట్ట ఇలా చూపించన్నా” అంటే నిజం తెలుస్తుంది. మూడో రోజుకూ జ్వరం తగ్గకపోతే పీహెచ్‌సీకి పంపాలి.

ప్రైమాక్విన్ అందరికీ ఇచ్చే మందు కాదు. గర్భిణులకు, ఏడాదిలోపు పిల్లలకు ఇవ్వకూడదు. జీ6పీడీ అనే ఎంజైము తక్కువున్నవాళ్లకు దానివల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. మూత్రం కోలా రంగులోకి మారినా, మనిషి పాలిపోయినా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రైతు మాత్రలను భార్య పంచుకోకూడదని ఇద్దరికీ విడమరిచి చెప్పాలి. ఫాల్సిపారం అని తేలితే మందు వేరు, వయసును బట్టి రంగు అట్టల్లో ఏసీటీ మూడు రోజులు. పెద్దవాళ్లకు రెండో రోజు ప్రైమాక్విన్ ఒక్కసారే.

రిపోర్టు

పాజిటివ్ వస్తే అదే రోజు ఏఎన్ఎంకు చెప్పాలి. జ్వరం మొదలైన తేదీ, పరీక్ష తేదీ, ఫలితం, ఇటీవల ఎక్కడికి వెళ్లొచ్చారు, మందు ఎప్పుడు మొదలైంది అన్నవి రాయాలి. నెగెటివ్ కేసులూ రాయాలి. లేకపోతే ఊళ్లో మలేరియా లేదో, పరీక్షలే జరగలేదో పైవాళ్లకు తెలియదు. చికిత్స పూర్తయిన తేదీని మాత్రం ఖాళీ అట్ట చూశాకే నింపాలి. ముందే నింపేస్తే తిరగబెట్టిన కేసు కొత్త కేసుగా లెక్కకెక్కుతుంది, అసలు కారణం దొరకదు.

ఇంటివాళ్లు చేయాల్సిందీ ఒకటుంది. జ్వరం తగ్గాక మిగిలిన మాత్రలను ఇంకెవరికో దాచకండి. పద్నాలుగో రోజు దాకా వేసుకుని, ఖాళీ అట్టను మీ ఆశా కార్యకర్త చేతికివ్వండి.