సగం డబ్బు ఖర్చయింది, మరి సగం రోడ్డు పడిందా?

రోడ్డు పని ఎంతవరకు వచ్చిందని అడిగితే ఎన్ని నెలలు గడిచాయో, ఎన్ని కోట్లు ఖర్చయ్యాయో చెబుతారు. అసలు పని ఎంత జరిగిందో ఆ రెండూ చెప్పవు. అందుకే ఇంజనీర్లు మూడో అంకె తీస్తారు. కొలతల పుస్తకంలోకి ఎక్కిన పనిని అంచనా రేట్లతో లెక్కగడితే వచ్చే విలువ అది. దాన్ని ఎర్న్‌డ్ వాల్యూ అంటారు.

ఉదాహరణకు, 40 కోట్ల అంచనాతో ఏడాదిలో పూర్తి కావాల్సిన ఒక రోడ్డు ఉందనుకుందాం. మట్టి పనికి 10 కోట్లు, కల్వర్టులకు 6, కంకర పొరలకు 12, తారుకు 12. ఆరు నెలలు తిరిగేసరికి మట్టి పని, కల్వర్టులు పూర్తయి, 4 కోట్ల కంకర పడాలి. అంటే మొత్తం 20 కోట్ల పని. కొలిచి చూస్తే 16 కోట్ల పనే తేలింది. ఖర్చు మాత్రం 18 కోట్లు.

16ను 18తో భాగిస్తే 0.89. ఇది ఖర్చు సూచీ. పెట్టిన ప్రతి రూపాయికీ 89 పైసల పనే వచ్చిందని అర్థం. 16ను 20తో భాగిస్తే 0.80. ఇది గడువు సూచీ. జరగాల్సిన పనిలో అయిదో వంతు మిగిలిపోయింది. ఒకటి కంటే తగ్గితే ఏ సూచీ అయినా హెచ్చరికే.

ఖర్చు ఇదే తీరున సాగితే 40ని 0.89తో భాగించాలి. రోడ్డు పూర్తయ్యేసరికి దాదాపు 45 కోట్లవుతుంది. అయితే ముందు కారణం తెలుసుకోవాలి. వానకు కట్ట కోసుకుపోయి ఒక్కసారి తిరిగి పోయాల్సి వచ్చిందా? అయితే మిగిలిన 24 కోట్ల పని అంచనాలోనే అయిపోవచ్చు, మొత్తం 42 దగ్గర ఆగుతుంది. క్వారీ దూరమై ప్రతి లారీకీ కిరాయి పెరిగిందా? అప్పుడు 45నే నమ్మాలి. సబ్ కాంట్రాక్టర్ల బిల్లులు ఖర్చులోకి ఎక్కకపోయినా ఈ సూచీ ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది.

గడువు సూచీని పనులవారీగా విడదీసి చూడాలి. ఇక్కడ మట్టి పని మొత్తం అయింది, కంకర 3 కోట్లది పడింది, కల్వర్టులు సగమే లేచాయి. అంటే కల్వర్టుల సూచీ 0.50. కల్వర్టు లేచి, దాని రెండు పక్కలా మట్టి నింపి దిమ్మిస కొడితే గానీ అక్కడ కంకర పడదు. కంకర పడితే గానీ తారు పడదు. మొత్తం మీద 0.80 అన్నది ఈ అడ్డంకిని కప్పేస్తోంది.

ఇంకో చిక్కుంది. రోడ్డు నాలుగు నెలలు ఆలస్యంగా పూర్తయినా, చివరికి 40 కోట్ల పనీ అయిపోతుంది కాబట్టి గడువు సూచీ ఒకటికి చేరిపోతుంది. అందుకని పని ముగింపుకొచ్చే కొద్దీ ఆ సూచీని పక్కనపెట్టి, ఈరోజుకు అయిన పని ప్రణాళిక ప్రకారం ఏ నెలకు కావాల్సిందో వెతకాలి. ఆలస్యం ఎన్ని నెలలో అప్పుడు నేరుగా తేలుతుంది.