గది చూడకముందే ‘గేట్ పాస్’ డబ్బులు అడుగుతున్నారా? హాస్టల్ అడ్వాన్స్ మోసం ఇలా జరుగుతుంది

నెల్లూరు నుంచి హైదరాబాద్‌కు సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఒక రాత్రి ప్రయాణం. గది చూడటానికే వెళ్లి రావాలంటే రెండు వైపులా చార్జీలు, రెండు రాత్రులు పోతాయి. అందుకే కావలి, అల్లూరు, ముత్తుకూరు, కోట వంటి చోట్ల నుంచి కోచింగ్‌కో ఉద్యోగానికో వెళ్లే పిల్లలు ముందుగా ఫోన్లోనే హాస్టల్ వెతుక్కుంటారు. మోసగాళ్లకు కావాల్సింది సరిగ్గా ఈ దూరమే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అల్లూరు అమ్మాయి ఒకరికి అమీర్‌పేటలో పీజీ కావాలి. ఆన్‌లైన్ ప్రకటనలో గది శుభ్రంగా ఉంది, భోజనంతో కలిపి నెలకు 5,500 రూపాయలే. ఫోన్ చేస్తే అవతలి వ్యక్తి మర్యాదగా మాట్లాడాడు. ‘మీరు చూశాకే ఫైనల్ చేసుకోండమ్మా’ అన్నాడు కూడా. కాకపోతే లోపలికి రావాలంటే విజిటర్ గేట్ పాస్ ఉండాలట. దానికి 1,500 రూపాయలు, గది నచ్చకపోతే వెనక్కి ఇచ్చేస్తారట. ఆమె పంపింది.

కాసేపటికి మరో ఫోన్. ‘ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, నెల అద్దె అడ్వాన్స్ కడితే బెడ్ మీ పేరున ఆపుతాం’. మరో 5,500 వెళ్లాయి. ఇప్పటికి 7,000. ఆమెకు అనుమానం వచ్చి డబ్బు వెనక్కి అడిగింది. ‘తప్పకుండా ఇస్తాం. కానీ మీరు రెండుసార్లుగా కట్టడం వల్ల సిస్టమ్ రీఫండ్ తీసుకోవడం లేదు. 7,000 ఒకేసారి వేయండి, మొత్తం 14,000 తిరిగి వస్తాయి’ అన్నాడు. చాలామంది ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ఎందుకంటే ఇప్పుడు వాళ్లు కడుతున్నది గది కోసం కాదు, పోయిన డబ్బు కోసం. రీఫండ్ రావడానికి ముందు మీరు డబ్బు వేయాల్సిన పద్ధతి ఏ బ్యాంకులోనూ లేదు. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ కూడా అక్కర్లేదు.

అసలు హాస్టళ్లూ టోకెన్ అడుగుతాయి కదా అంటారా? అడుగుతాయి. గది చూశాక, రసీదు ఇచ్చి తీసుకుంటాయి. చూడనివ్వడానికే డబ్బు అడిగితే, అది వంద రూపాయలైనా అక్కడే ఆగండి.

నమ్మించడానికి ఆధార్ ఫొటోనో, ఆర్మీ గుర్తింపు కార్డో పంపిస్తారు. అది ఇంతకుముందు మోసపోయిన మరొకరిది కావచ్చు. దానికంటే చెల్లింపు సమయంలో కనిపించే పేరు చూడండి. యూపీఐ యాప్‌లు బ్యాంకు రికార్డుల్లో ఉన్న పేరునే చూపించాలని ఎన్‌పీసీఐ 2025లో నిబంధన తెచ్చింది. మీతో మాట్లాడిన ‘ఓనర్’ పేరు ఒకటి, తెరపై పేరు ఇంకొకటి అయితే ‘మా అకౌంటెంట్‌ది’, ‘మా బావమరిదిది’ అంటారు. ఆ మాట నమ్మి పిన్ కొట్టకండి.

వీడియో కాల్ అడిగేటప్పుడు గది చూపించమని కాదు, వీధిలో నిలబడి హాస్టల్ బోర్డు నుంచి మొదలుపెట్టి, కాల్ కట్ చేయకుండా మెట్లెక్కి గదిలోకి వెళ్లమనండి. ముందే తీసిన వీడియోతో ఇది కుదరదు. అంతకన్నా తేలికైనది, హైదరాబాద్‌లో ఉన్న మీ ఊరివాళ్లను ఒకసారి వెళ్లి చూడమనడం. ‘మా అన్నయ్య సాయంత్రం వస్తాడు’ అనగానే చాలామంది మోసగాళ్లు ఫోన్ పెట్టేస్తారు.

డబ్బు ఇప్పటికే వెళ్లిపోతే ముందు 1930కి ఫోన్ చేయండి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు చేయండి. యాప్‌లోని లావాదేవీ వివరాల్లో 12 అంకెల యూటీఆర్ నంబర్ ఉంటుంది, అది దగ్గర పెట్టుకోండి. ఆ నంబర్ ఆధారంగానే డబ్బు ఏ ఖాతాకు చేరిందో వెతికి, అక్కడ మిగిలి ఉన్నదాన్ని కదలకుండా ఆపుతారు. మోసగాళ్లు వేరే ఖాతాలకు మళ్లించి ఏటీఎంలో తీసేస్తే ఆపడానికి ఏమీ ఉండదు. కాబట్టి ‘ఇంట్లో తిడతారేమో’ అని మర్నాటి దాకా ఆగొద్దు.

బ్యాంకు తప్పకుండా పరిహారం ఇస్తుందని మాత్రం అనుకోకండి. మీకు తెలియకుండా ఖాతా నుంచి పోయిన డబ్బుకు రిజర్వ్ బ్యాంకు నిబంధనలు రక్షణ ఇస్తాయి. ఇక్కడ పిన్ కొట్టింది మీరే. అయినా బ్యాంకుకు చెప్పండి, ఫిర్యాదు నంబర్ తీసుకోండి.

మోసం హైదరాబాద్‌ది కాబట్టి అక్కడికే వెళ్లాలని ఎవరైనా అంటే వినకండి. మీ దగ్గరి స్టేషన్‌లోనే జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయవచ్చు. చాట్, ప్రకటన స్క్రీన్‌షాట్లు తీసుకెళ్లండి. వాళ్లను తిట్టి బ్లాక్ చేసే ముందే వాటిని తీసుకోవడం మంచిది, ఎందుకంటే ప్రకటన మాయం కావడానికి ఎక్కువ సేపు పట్టదు.

డబ్బు పంపకుండానే అనుమానం వచ్చి ఆగిపోయారా? ఆ ఫోన్ నంబర్‌ను కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీలోని చక్షు విభాగంలో నమోదు చేయవచ్చు.