ఆరు శాతం వెనకున్న లెక్క

చిప్స్ కంపెనీ చిన్న పట్టణాల హోల్‌సేలర్ల కోసం వీడియో తీస్తే, మొదట చెప్పాలనుకునేది మార్జిన్ గురించే. చూసే వ్యాపారి లెక్క వేరుగా ఉంటుంది. తెనాలిలో ఒకరు వారానికి లక్ష రూపాయల సరుకు తీసుకుంటారనుకుందాం. కొన్న ధరపై 6 శాతమంటే 6,000 రూపాయలు. చిప్స్ ప్యాకెట్లలో సగం గాలే కాబట్టి ఆటో ఇట్టే నిండుతుంది, ట్రిప్పులు పెరుగుతాయి. కిరాయి, కుర్రాడి జీతం కలిపి 3,500 పోతే మిగిలేది 2,500.

గోడౌన్‌లో వారం సరుకు, కిరాణా కొట్ల దగ్గర రెండు వారాల అరువు కలిపితే సుమారు 3 లక్షలు ఇరుక్కుంటాయి. కంపెనీ వారం రోజులు అరువిస్తే సొంత పెట్టుబడి 2 లక్షలకు దిగుతుంది. అందుకే స్క్రిప్టులో మార్జిన్ వెంటనే మూడు సంగతులు తేల్చాలి: బిల్లు ఎన్నాళ్లలో కట్టాలి, లోడు ఏ రోజు వస్తుంది, గడువు తీరిన ప్యాకెట్ల నష్టం ఎవరిది.