గురక మధ్యలో ఆగిపోతే

గురక పెట్టేవాళ్లందరికీ జబ్బు ఉన్నట్టు కాదు. గట్టిగా గురక పెడుతున్న మనిషి ఉన్నట్టుండి నిశ్శబ్దమై, కాసేపటికి ఉక్కిరిబిక్కిరవుతూ మళ్లీ ఊపిరి అందుకుంటుంటే మాత్రం అనుమానించాలి. ఆ నిశ్శబ్దంలో ఛాతీ కదులుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. నిద్రలో గొంతు కండరాలు వదులై, నాలుక వెనక్కి జారి దారి మూసుకుపోతుంది. ఆక్సిజన్ తగ్గేసరికి మెదడు క్షణంపాటు మేల్కొని గొంతు తెరిపిస్తుంది. ఇదే స్లీప్ ఆప్నియా. తెల్లారాక రోగికి ఇదేదీ గుర్తుండదు. అందుకే డాక్టరు దగ్గరికి పక్కన పడుకునే మనిషి కూడా వెళ్లాలి. వాళ్లు చూసింది రోగి చెప్పలేడు.

యాభై ఏళ్ల లారీ డ్రైవరు ఒకరిని ఊహించుకుందాం. రాత్రంతా పడుకున్నా పొద్దున్నే తలనొప్పి, నోరు ఎండిపోవడం, మధ్యాహ్నం స్టీరింగ్ ముందే కునుకు. స్లీప్ ల్యాబ్‌లో ఆయన తలకి, కళ్ల పక్కన, గడ్డం కింద తీగలు అతికిస్తారు. ముక్కు దగ్గర గొట్టం, ఛాతీకి పొట్టకి బెల్టులు, వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెడతారు. కనీసం 10 సెకన్లు ఊపిరి ఆగినా, బాగా తగ్గినా లెక్కలోకి వస్తుంది. ఆరు గంటల నిద్రలో 252 సార్లు అలా జరిగితే గంటకు 42 అన్నమాట. అయిదులోపు మామూలే, 30 దాటితే తీవ్రం. ఇంట్లో చేసే చిన్న పరీక్షల్లో ఎక్కువ వాటికి తలకి తీగలుండవు. మెలకువగా ఉన్న సమయం కూడా నిద్రలో కలిసిపోయి అంకె తగ్గి కనబడవచ్చు. లక్షణాలు గట్టిగా ఉండి రిపోర్టు బాగుందంటే ల్యాబ్ పరీక్ష చేయించుకోవాల్సిందే.

చికిత్సలో ముఖ్యమైనది సీప్యాప్. 1980లో సిడ్నీలో కోలిన్ సలివన్ అనే డాక్టరు దీన్ని మొదట వాడి చూశారు. చాలామంది అనుకున్నట్టు ఇది ఆక్సిజన్ ఇచ్చే యంత్రం కాదు. గదిలోని గాలినే కొంత ఒత్తిడితో మాస్కు ద్వారా పంపిస్తుంది, ఆ ఒత్తిడి గొంతు మూసుకుపోకుండా పట్టి ఉంచుతుంది. ఎంత ఒత్తిడి కావాలో మనిషిని బట్టి కుదురుస్తారు. సరిగ్గా కుదిరితే మొదటి రాత్రే గురక ఆగిపోవచ్చు. పగటి మత్తు వదలడానికి కొందరికి వారాలు పడుతుంది.

చాలామంది యంత్రాన్ని మూలన పెట్టేసేది మొదటి వారాల్లోనే. మాస్కు పక్కనుంచి గాలి కళ్లలోకి కొడుతుంది, ముక్కు ఎండిపోతుంది, నోరు తెరుచుకుంటుంది. సైజు మార్చినా, గాలికి తేమ కలిపే పరికరం పెట్టినా, నోరు కూడా కప్పే మాస్కు వాడినా ఇవి చాలావరకు తగ్గుతాయి. ఎన్ని గంటలు వాడారో, గాలి ఎంత లీకయిందో, ఇంకా ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోందో యంత్రమే రాసి పెడుతుంది. ఆ వివరాలు డాక్టరుకు చూపించాలి. మానేస్తే జబ్బు తిరిగి వస్తుంది. బరువు బాగా తగ్గినవాళ్లు మళ్లీ పరీక్ష చేయించుకున్నాకే మానే ఆలోచన చేయాలి. మద్యం, నిద్రమాత్రలు గొంతును ఇంకా వదులు చేస్తాయి. మన డ్రైవరు మాత్రం కునుకు పూర్తిగా పోయిందని డాక్టరు చెప్పేదాకా స్టీరింగ్ పట్టకూడదు.