పట్టుచీరను నీళ్ళలో పెట్టొచ్చా?

ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది. డ్రై క్లీనింగ్‌లో ఎక్కువగా వాడే పెర్క్లోరోఎథిలీన్‌ను పదేళ్ళలో పూర్తిగా మానేయాలని అమెరికా పర్యావరణ సంస్థ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది. కాబట్టి ప్రశ్న సమయానికే వచ్చింది. ఆ ద్రవాన్ని పెర్క్ అంటారు. యంత్రంలో బట్టలు అందులో నిండా మునుగుతాయి, తర్వాత వేడిగాలికి ఆరుతాయి.

పెర్క్ గొప్పదనమల్లా పోగును పట్టించుకోకపోవడమే. ఉన్ని పోగులో ప్రోటీన్ గొలుసులు ఒకదాన్నొకటి హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని ఉంటాయి. నీటి అణువు వాటి మధ్యలో దూరి, పాత పట్టు విడిపించి, ఆ చోటు తానే ఆక్రమిస్తుంది. పోగు మెత్తబడి సుమారు ఆరో వంతు లావెక్కుతుంది. దాని ఒంటినిండా ఒకే దిక్కుకు వాలిన పొలుసులున్నాయి. తడిసిన ఉన్నిని రుద్దితే పోగులు కుదురు వైపుకే జరుగుతాయి. వెనక్కి రావాలంటే పొలుసులు అడ్డం. అలా జరిగి జరిగి, స్వెట్టర్ చిన్నదై దళసరి కంబళిలా తేలుతుంది. ఇక సాగదీసినా లాభం లేదు. పెర్క్ అణువులో నాలుగు క్లోరిన్లూ సమంగా అమరి ఉంటాయి. హైడ్రోజన్ బంధాల జోలికి పోయే సత్తా దానికి లేదు. జిడ్డును కరిగించి బయటికొచ్చేస్తుంది.

ఉన్ని ముడుచుకుంటే పెర్క్‌ను తిట్టేవాళ్ళున్నారు. నేరం సాధారణంగా నీటిదే. చెమట ఉప్పు, పానకం చక్కెర పెర్క్‌లో కరగవు. అందుకే అందులో సబ్బు, చాలా కొద్దిగా నీరు కలుపుతారు. ఆ నీరు మోతాదు మించినా, తడి బట్ట లోపలేసినా, పెర్క్‌లోనే ఉన్ని ముడుచుకుంటుంది.

పట్టుకు పొలుసుల బాధ లేదు. తడిస్తే బలం కొంత తగ్గుతుంది, ఆరితే మళ్ళీ వస్తుంది. అసలు భయం రంగుతోనే. కోట్ల లోపలి లైనింగ్‌గా కుట్టే అసిటేట్ పెర్క్‌కు చెక్కుచెదరదు. నీళ్ళలో మాత్రం నీరసించి, పడిన ముడత పోనంటుంది. అసిటోన్ తగిలితే కరిగిపోతుంది. అసిటోన్ ఉన్న గోళ్ళరంగు తుడిచే ద్రవంతో మరక తీయబోయి లైనింగ్‌కు చిల్లు పెట్టుకునేది ఇక్కడే. అనుమానముంటే లోపలి కుట్టులోంచి ఒక దారం తీసి ఆ ద్రవంలో వేయండి. కరిగిందా, అది అసిటేట్.

ఇక జవాబు. ఉన్ని కోటుకు డ్రై క్లీనింగ్ తప్పదు: పైబట్ట, లోపలి కాన్వాస్, లైనింగ్ నీళ్ళలో మూడూ మూడు రకాలుగా ముడుచుకుంటాయి. జరీ అంచు, రెండు మూడు గాఢమైన రంగులు ఉన్న పట్టుచీరకూ అదే మేలు. ఒకే రంగు సాదా పట్టుకైతే లోపలి మూల తడిపి, తెల్లగుడ్డతో అద్ది చూడండి. రంగు అంటకపోతే చల్లనీళ్ళలో, తక్కువ సబ్బుతో, పిండకుండా ఉతుక్కోవచ్చు. చెమటకైతే నీళ్ళే మేలు కూడా. చీర మీద కూల్‌డ్రింక్ ఒలికితే ఎక్కడ ఒలికిందో షాపువాడికి చూపించండి. కంటికి కనబడని ఆ చక్కెర ఇస్త్రీ వేడికి పసుపు మచ్చగా బయటపడుతుంది. అప్పుడు ఎవరు ఎవరిని తిట్టాలో తేలదు.